చెవి తీసేసినా తాళం తెరుచుకుంటోందా?

అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ 1976లో రాసిన ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ ఆటలో బొమ్మలు లేవు. మరుసటి ఏడాది డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. తెర మీద నాలుగు వాక్యాలు వస్తాయి, ఆడేవారు ఒకటి రెండు మాటలు టైపు చేస్తారు. గుహలోకి దిగే చోట ఇనుప జాలీ తలుపు, దానికి తాళం ఉంటాయి. తాళంచెవులు దగ్గర్లోని చిన్న ఇంట్లో దొరుకుతాయి. లోపల ఒకచోట పాము దారికి అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని మీదికి వెళ్లి లాభం లేదు. పంజరంలో పట్టి తెచ్చిన చిన్న పక్షిని వదిలితే మాత్రం పాము పారిపోతుంది. ఆట కట్టేవారి లెక్కలో జాలీ తలుపే కాదు, పాము కూడా తాళమే. పక్షి దాని చెవి.

అదే ఆటలో గుహ లోపలి ఓ గదిలో XYZZY అనే మంత్రం రాసి ఉంటుంది. దాన్ని టైపు చేస్తే ఇంటికీ ఆ గదికీ మధ్య క్షణంలో తిరగొచ్చు. ఒకసారి ఆడినవారికి మంత్రం తెలిసిపోతుంది కనుక రెండోసారి ఇంట్లో నిలబడే దాన్ని టైపు చేస్తారు. జాలీ తలుపు జోలికే పోనక్కర్లేదు. ఆ అడ్డదారిని క్రౌథర్ కావాలనే పెట్టాడు. చిన్న ఆటలను ఇబ్బంది పెట్టేవి, కట్టినవారికే తెలియకుండా మిగిలిపోయిన అడ్డదారులు. అవి ఎలా పుడతాయో, ఎలా పట్టుకోవాలో తెలియాలంటే ఒక ఆటను మొదటి నుంచి కట్టి చూడాలి.

ఐదు చోట్లున్న పాత ఇల్లు అనుకుందాం. హాలు, దాని వెనక వంటగది, వంటగది నుంచి పెరడు, వంటగది కిందే నేలమాళిగ, హాల్లోంచి మెట్లెక్కితే పై గది. పై గదిలోని ఇనప్పెట్టెలో ఇంటి దస్తావేజు ఉంది. అది చేతికొస్తే ఆట గెలిచినట్టు.

ఇలాంటి ఆటను చివర నుంచి మొదటికి అల్లుకుంటూ రావడం మేలు. ‘మేనియాక్ మాన్షన్’ (1987), ‘మంకీ ఐలండ్’ (1990) ఆటల రూపకర్త రాన్ గిల్బర్ట్ ఇందుకు ఏ పని దేని మీద ఆధారపడిందో చూపే పటం గీసుకుంటాడు. మన పటం ఇలా ఉంటుంది. దస్తావేజు కావాలంటే ఇనప్పెట్టె తెరవాలి, దానికి ఇత్తడి తాళంచెవి కావాలి. అది పెరటి బావి అడుగున పడి ఉంది. పైకి తీయాలంటే తాడు, పాతాళ గరిగె రెండూ కావాలి. బావిలో పడిన బిందెల్ని తీయడానికి వాడే కొక్కేల గుత్తే ఈ గరిగె. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. గరిగె నేలమాళిగలో ఉంది, అక్కడ చీకటి. కాబట్టి హాల్లోని లాంతరు, వంటగదిలోని అగ్గిపెట్టె కావాలి. తాడేమో హాల్లో వేలాడే ఊయలది. దాన్ని కోయడానికి పెరట్లో కొడవలి ఉంది.

దారి రెండుగా చీలడం మంచిది. చీకటి దగ్గర ఆగిపోయినవారికి ఊయల పని మిగిలి ఉంటుంది. గిల్బర్ట్ 1989లో రాసిన వ్యాసంలో మరో సూత్రం చెప్పాడు: ఆడేవారికి ముందు తాళం కనిపించాలి, తర్వాతే చెవి దొరకాలి. అందుకే మన ఇంట్లో పై గదికి తాళం వేయలేదు. ఆట మొదలైన నిమిషంలోనే ఇనప్పెట్టె కనిపిస్తుంది. బావిలోకి తొంగిచూస్తే అడుగున ఇత్తడి మెరుపు కనిపిస్తుంది. ఏం కావాలో తెలిశాక దొరికిన తాడుకు విలువ ఉంటుంది. అంతకుముందే దొరికితే అది సంచిలో మరో వస్తువు మాత్రమే.

అనుకున్న దారిలో వృథా అడుగు లేకుండా ఆడితే ఈ ఆట ఇరవై ఒక్క కమాండ్లలో పూర్తవుతుంది. పదకొండు చోటు మారడాలు, పది పనులు. ఈ ఇరవై ఒకటి అనే అంకెను గోడ మీద రాసి పెట్టుకోవాలి. తర్వాతి పరీక్షలన్నిటికీ కొలబద్ద అదే.

మొదటిసారి ఆట కట్టినవారు సాధారణంగా ఒక పరీక్ష చేసి ఆగిపోతారు. సరైన చెవితో తాళం తెరుచుకుంటుందా అని చూస్తారు. తెరుచుకుంటే తృప్తి పడతారు. కానీ అసలు చూడాల్సింది చెవి లేనప్పుడు తాళం మూసే ఉంటుందా అని. దానికి సులువైన పద్ధతి ఉంది. ఆటలోంచి ఒక వస్తువును పూర్తిగా తీసేసి, అయినా గెలవగలమా అని చూడటం. మన ఆటలో వస్తువులు ఆరు: అగ్గిపెట్టె, లాంతరు, కొడవలి, తాడు, గరిగె, తాళంచెవి. ఒక్కోదాన్నీ తీసేసి ఆరుసార్లు ఆడించాలి. ఆరుసార్లూ ఓడిపోవాలి. ఒక్కసారి గెలిచినా అక్కడ కన్నం ఉన్నట్టే.

ఈ ఆడించడం చేత్తో చేయాల్సిన పని కాదు. ఆడే మనిషి ఐదు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు. ఒక్కో వస్తువు ఆ ఐదు చోట్లలోనో, చేతిలోనో, బావిలోనో ఉండొచ్చు. లాంతరు వెలుగుతూ ఉండొచ్చు, ఆరి ఉండొచ్చు. ఇనప్పెట్టె తెరిచి ఉండొచ్చు, మూసి ఉండొచ్చు. అన్నీ గుణిస్తే గరిష్ఠంగా 23,52,980 స్థితులు వస్తాయి. వాటిలో చాలావాటికి ఆటలో చేరడమే కుదరదు. కంప్యూటర్‌కు ఇది పెద్ద పని కాదు. మొదటి స్థితిలో వీలైన కమాండ్లన్నీ వేసి చూస్తుంది, వచ్చిన ప్రతి కొత్త స్థితిలోనూ మళ్లీ అన్నీ వేస్తుంది, ఒకసారి చూసిన స్థితిని వదిలేస్తుంది. ఇలా పొరలు పొరలుగా వెతికితే గెలుపు మొదట తగిలిన చోటే అతి దగ్గరి దారి. అది ఇరవై ఒకటి కంటే తక్కువైతే ఎక్కడో అడ్డదారి ఉంది.

మన ఆటను ఇలా వెతికిస్తే పద్దెనిమిది వచ్చిందనుకుందాం. లాంతరు తీసేసినా గెలుస్తోంది, అగ్గిపెట్టె తీసేసినా గెలుస్తోంది. మిగతా నాలుగూ తీసేస్తే ఓడుతోంది. కారణం ఆ రెంటి ఫలితాల్లోనే ఉంది: చీకటి పనిచేయడం లేదు. నేలమాళిగలోకి దిగితే తెర మీద ‘ఇక్కడ ఏమీ కనిపించడం లేదు’ అని వస్తుంది. అయినా ‘గరిగె తీసుకో’ అని టైపు చేస్తే గరిగె చేతికొచ్చేస్తుంది. తప్పు ఈ కొన్ని వరుసల్లో ఉంది:

```python
def take(item):
    if where[item] == room:
        where[item] = "hand"
```

వస్తువు ఈ గదిలో ఉందా అని మాత్రమే ఇది అడుగుతోంది. కనిపిస్తోందా అని అడగడం లేదు. చీకటిని గది వర్ణించే చోట రాశారు కానీ వస్తువు తీసుకునే చోట రాయలేదు. రెండో వరుసను ఇలా మారిస్తే కన్నం పూడుతుంది:

```python
    if where[item] == room and can_see():
```

అనుకోని అడ్డదారుల్లో ఈ రకం చాలా తరచుగా కనిపిస్తుంది. తాళాన్ని ఒక కమాండ్‌లో పరీక్షించి, అదే పని చేయగల మరో కమాండ్‌లో మరిచిపోతారు. ‘తలుపు తెరువు’ అంటే తాళం ఉందని చెప్పే ఆట, ‘ఉత్తరానికి వెళ్లు’ అంటే అదే తలుపులోంచి నడిపించేస్తుంది. తాళాన్ని కమాండ్‌లో కాకుండా తలుపులోనే రాస్తే, ఏ కమాండ్ వచ్చినా ఒకే చోట ఆగుతుంది.

అదే వెతుకులాట ఇంకో లోపాన్నీ బయటపెడుతుంది. గెలిచిన స్థితుల నుంచి వెనక్కి నడిస్తే, గెలుపుకు దారి ఉన్న స్థితులన్నీ తేలతాయి. చేరగలిగీ ఈ జాబితాలో లేని స్థితి ఏదైనా ఉంటే, అక్కడికి వెళ్లినవారు ఇక ఎప్పటికీ గెలవలేరు. మన ఆటలో తాడును చేత్తో బావిలోకి విసిరితే అదే జరుగుతుంది. ఆట ఆగదు, ఏమీ చెప్పదు. ఆడేవారు గంటసేపు గదులన్నీ వెతుకుతూనే ఉంటారు. అడ్డదారి కంటే ఇది ఎక్కువ క్రూరం. విసిరిన తాడు బావి గిలకకు చిక్కుకుందని రాసి, మళ్లీ తీసుకోనిస్తే సరిపోతుంది.

ప్రోగ్రామ్ ఇప్పుడు ఇరవై ఒకటి చూపిస్తుంది. ఆరు వస్తువుల్లో ఏది తీసేసినా ఓడుతుంది. అయినా పని పూర్తి కాలేదు. మనం రాసిన కమాండ్లనే ప్రోగ్రామ్ వేసి చూసింది, మనకు తట్టనివి దానికీ తట్టవు. ఇక్కడ మనుషులు కావాలి. ఆట గురించి ఏమీ తెలియనివారిని కూర్చోబెట్టి, వాళ్లు టైపు చేసిన ప్రతి వరుసనూ ఫైల్లో దాచుకోవాలి. పక్కన కూర్చున్నవారు నోరు మెదపకూడదు. పదాలతో ఆడే ఆటల టెస్టర్లకు మంచి అలవాటొకటి ఉంది. అనుమానం వచ్చినప్పుడు * గుర్తుతో మొదలుపెట్టి తమ మాట అక్కడే రాస్తారు. తర్వాత ఫైల్లో ఆ గుర్తును వెతికితే చాలు.

మన ఇంటి ఆటను పల్లెలో పెరిగిన టెస్టర్ చేతికిస్తే ఏం జరుగుతుంది? కొడవలితో ఊయల తాడు కోసి, వెంటనే ‘కొడవలికి తాడు కట్టు’ అని టైపు చేసే అవకాశం ఎక్కువ. వంపు తిరిగిన ఇనుము బావిలో కొక్కెంలా పనిచేస్తుందని వారికి తెలుసు. ఆలోచన న్యాయమైనది. కానీ ఒప్పుకుంటే నేలమాళిగ, లాంతరు, అగ్గిపెట్టె, గరిగె అన్నీ వృథా, పదిహేను కమాండ్లలో ఆట అయిపోతుంది. ‘అలా కుదరదు’ అని చెప్పడం చెడ్డ మందు. బుర్ర పెట్టినందుకు మొట్టికాయ వేసినట్టవుతుంది, పైగా ఎందుకు కుదరదో ఆట చెప్పలేదు. మార్చాల్సింది జవాబును కాదు, వస్తువును. కొడవలి స్థానంలో చాకు పెడితే తాడు తెగుతుంది, బావిలో మాత్రం పనికిరాదు.

కొన్ని తాళాలకు ఈ పరీక్షలేవీ చాలవు. ఇనప్పెట్టెకు తాళంచెవికి బదులు నాలుగంకెల నంబరు పెడితే, తీసేయడానికి వస్తువే ఉండదు. చెవి ఆడేవారి తలలో ఉంటుంది. 1993 నాటి ‘మిస్ట్’ ఆటలో చివరి రహస్యం తెరిచే నమూనా ఎప్పుడూ ఒకటే. అది తెలిసినవారు కొత్తగా మొదలుపెట్టి నిమిషాల్లో ముగించగలరు. దాని తర్వాత 1997లో వచ్చిన ‘రివెన్’లో కొన్ని కోడ్‌లు ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ మారుతాయి. చిన్న ఆటలోనూ ఇది కష్టం కాదు. మొదట్లోనే ఒక నంబరు ఎంచుకుని, దాన్ని చెప్పే చీటీలోనూ ఇనప్పెట్టెలోనూ అదే రాయించాలి. ఇంటి గుమ్మం మీద చెక్కిన సంవత్సరమే నంబరుగా పెడితే మాత్రం చీటీ చూడకుండానే ఊహించేస్తారు.

చాకు పెట్టాక పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి నడపాలి, ఎందుకంటే ప్రతి దిద్దుబాటూ కొత్త కన్నం పెట్టగలదు. ప్రోగ్రామ్ ఇరవై ఒకటే చూపిస్తుంది. తర్వాతి టెస్టర్ చాకు కోసం వెతక్కుండా ‘ఊయల ముడి విప్పు’ అని టైపు చేస్తారు. ఆ కమాండ్‌కు ఇంకా ఏ జవాబూ రాయలేదు. ముడి పైన దూలానికి ఉందని, చేతికి అందదని హాలు వర్ణనలో ఒక వాక్యం చేర్చి, ఆ కమాండ్‌నూ ప్రోగ్రామ్ జాబితాలో పెట్టి మరోసారి నడపాలి.