రోజుకు 19 సెకన్లు ఎటు పోయాయి?

ఈసీఈ డిప్లొమా పూర్తిచేసి, ఫర్మ్‌వేర్ ట్రైనీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాళ్ల కవర్ లెటర్లలో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "8051 మైక్రోకంట్రోలర్‌పై అసెంబ్లీలో డిజిటల్ గడియారం చేశాను." ఆ వెంటనే కష్టపడి పనిచేస్తానన్న హామీ వచ్చేస్తుంది. గడియారం టైము సరిగ్గా చూపించిందా లేదా అన్నది మాత్రం ఉండదు. లెటర్ చదివే ఇంజనీరుకు కావలసింది అదే.

ఆ గడియారాన్నే తీసుకుందాం. బోర్డు మీద ఉన్నది 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. పాతతరం 8051 దాన్ని 12తో భాగిస్తుంది కాబట్టి టైమర్ సెకనుకు 9,21,600 లెక్కపెడుతుంది. అంటే 50 మిల్లీసెకన్లకు 46,080. పదహారు బిట్ల టైమర్ 65,536 దగ్గర నిండి సున్నాకు వస్తుంది. అందుకే దాన్ని 19,456 దగ్గర మొదలుపెట్టాలి. హెక్సాలో అది 4C00.

```
MOV TH0,#4CH
MOV TL0,#00H
```

టైమర్ ఇరవైసార్లు నిండితే ఒక సెకను. కాగితం మీద లెక్క తిరుగులేనిది, అయినా గడియారం వెనకబడుతుంది. టైమర్ నిండాక ప్రోగ్రాం ఈ రెండు వరసల దాకా వచ్చేలోపు అది ఆగదు, సున్నా నుంచి లెక్కపెడుతూనే ఉంటుంది. కొత్త విలువ వేయగానే ఆ కాస్త లెక్కా చెరిగిపోతుంది. ప్రతిసారీ పది సైకిళ్లు పోయాయనుకుంటే సెకనుకు రెండు వందలు. రోజంతా కలిపితే దాదాపు 19 సెకన్లు!

దీనికి విరుగుడు మోడ్ 2. అందులో టైమర్ ఎనిమిది బిట్లదే అయినా, నిండగానే తనంతట తానే మొదటి విలువకు వెళ్లిపోతుంది. ప్రోగ్రాం ఆలస్యానికి అక్కడ చోటులేదు. 9,21,600ను 256తో భాగిస్తే శేషం లేకుండా 3,600 వస్తుంది. అన్నిసార్లు నిండితే ఒక సెకను. ఇక మిగిలేది క్రిస్టల్‌లో ఉండే తేడా ఒక్కటే.

ఇది నిజంగా చేసినవాళ్లు లెటర్‌లో ఇలా రాయవచ్చు: "నా గడియారాన్ని ఒక రోజంతా ఫోన్ టైముతో పోల్చాను. 19 సెకన్లు వెనకబడింది. టైమర్‌లో విలువను మళ్లీ వేసేటప్పుడు సైకిళ్లు పోతున్నాయని గుర్తించి, మోడ్ 2కు మార్చాను. డిస్‌ప్లే సర్క్యూట్ నా స్నేహితుడిది, ప్రోగ్రాం నాది." చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. బృందం చేసిన పనంతా తనదేనని రాస్తే రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

కంపెనీల్లో ఫర్మ్‌వేర్ చాలావరకు సీ భాషలోనే రాస్తారు. అందుకని సీ ఎంతవరకు వచ్చో కూడా ఒక వాక్యంలో చెప్పేయడం మేలు. ఇంటర్వ్యూలో మాత్రం ప్రశ్న గడియారం మీదే రావచ్చు: "సెకనుకు 3,600 ఇంటరప్టులు వస్తుంటే డిస్‌ప్లే నడపడానికి సమయం మిగిలిందా?" రెండు ఇంటరప్టుల మధ్య ఉండేవి 256 సైకిళ్లు. అందులో తన రొటీన్ ఎన్ని వాడుకుంటుందో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ వారీగా లెక్కకట్టుకుని వెళ్లాలి.