అభాలో పుట్టిన బిడ్డకు ఇటలీ పౌరసత్వం: ఏ కాగితానికి ముద్ర ఎక్కడ?

ఇటలీలో ఏళ్ల తరబడి పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, మెరుగైన జీతం కోసం గల్ఫ్‌కి వచ్చిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. ప్రవీణ్‌ది ఇటలీ పాస్‌పోర్టు, భార్య పద్మది ఇండియన్ పాస్‌పోర్టు. పెళ్లి కరీంనగర్‌లో రిజిస్టరైంది. ప్రవీణ్ ఇప్పుడు సౌదీ నైరుతి కొండల్లో, అసీర్ ప్రాంతపు రాజధాని అభాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల పాప అక్కడే పుట్టింది. తండ్రి వైపు నుంచి పాపకు ఇటలీ పౌరసత్వం నమోదు చేయించాలి. పేర్లు కల్పితమే గానీ, ఇలాంటి ఇంట్లో ఎదురయ్యే చిక్కులు మాత్రం కల్పితం కావు.

ముందు చట్టం సంగతి. 2025 మార్చి 28న ఇటలీ తెచ్చిన 36వ నంబరు డిక్రీ అదే ఏడాది మేలో 74వ చట్టంగా ఖాయమైంది. అంతకుముందు ముత్తాత ఇటాలియన్ అని నిరూపించినా సరిపోయేది. ఇప్పుడు విదేశంలో పుట్టి, మరో దేశపు పౌరసత్వం కూడా ఉన్నవాళ్లకు, లేదా దానికి అర్హులైనవాళ్లకు షరతులు పెట్టారు. మన కథకు పనికొచ్చేవి రెండు. తల్లిదండ్రుల్లో ఒకరికో, తాతయ్య అమ్మమ్మల్లో ఒకరికో ఇటలీ పౌరసత్వం ఒక్కటే ఉండాలి. లేదంటే ఇటలీ పౌరసత్వం వచ్చాక, బిడ్డ పుట్టకముందు, తల్లో తండ్రో వరుసగా కనీసం రెండేళ్లు ఇటలీలో నివసించి ఉండాలి.

చూడగానే మొదటి దారే సులువనిపిస్తుంది. భారతదేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు కాబట్టి ఇటాలియన్ అయిన రోజే ప్రవీణ్ ఇండియన్ కాకుండా పోయాడు. కానీ దాన్ని కాగితంతో చూపమంటే అతని చేతిలో ఉండేది పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇండియన్ కాన్సులేట్ ఇచ్చిన సరెండర్ సర్టిఫికెట్. దానికి అపోస్టిల్ పడదు. ఎందుకు పడదో తెలిస్తే ఈ వ్యవహారంలో సగం అర్థమైనట్టే.

అపోస్టిల్ అనేది 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం కింద వేసే ఒక ధ్రువీకరణ. పత్రం మీద సంతకం ఎవరిది, ఆ మనిషి ఏ హోదాలో పెట్టాడు, ముద్ర ఏ కార్యాలయానిది, ఈ మూడే అది చెబుతుంది. లోపల రాసినది నిజమా కాదా అన్నది దానికి పట్టదు. పత్రం ఏ దేశంలో పుట్టిందో ఆ దేశపు అధికారే అది వేయాలి. రాయబార, కాన్సులర్ అధికారులు ఇచ్చే పత్రాలను ఒప్పందం మొదటి అధికరణమే పక్కన పెట్టింది. అందుకే ఇటలీలోని ఇండియన్ కాన్సులేట్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఇటలీలో వాడాలంటే, అక్కడి ప్రెఫెత్తూరా అనే ప్రభుత్వ కార్యాలయంలో ఆ సంతకాన్ని ధ్రువీకరించుకోవాలి. అభాలో కూర్చుని చేయించే పని కాదది.

కాబట్టి ప్రవీణ్ లాంటివాళ్లకు నేను రెండో దారే మేలంటాను. పౌరసత్వం వచ్చాక రెండేళ్లకు పైగా ఇటలీలో ఉంటే, అప్పుడు ఉన్న ఊరి మున్సిపాలిటీ, అంటే కొమూనే, పాత నివాసాల చరిత్రతో ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఇటలీ పత్రమే గనక దానికి అపోస్టిల్ అక్కర్లేదు, అనువాదం అక్కర్లేదు.

ఇక పాప జనన పత్రం. ఇదే కాన్సులర్ పత్రం చిక్కు ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. గల్ఫ్‌లో పుట్టిన పిల్లలకు మనవాళ్లు ఇండియన్ కాన్సులేట్‌లో జననం నమోదు చేయిస్తారు. చక్కటి ఇంగ్లీషులో సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఇటలీ వాళ్లకు అదే ఇద్దామనుకుంటారు. అది కాన్సులర్ పత్రం, కాబట్టి అపోస్టిల్ పడదు. ఆసుపత్రి ఇచ్చే పుట్టుక చీటీ కూడా చాలదు. సౌదీ సివిల్ అఫైర్స్, మనవాళ్లు అహ్వాల్ అనే శాఖ, అరబీలో ఇచ్చిన అసలు జనన పత్రమే కావాలి. దాని మీద అపోస్టిల్ వేయాల్సింది సౌదీ విదేశాంగ శాఖ. సౌదీలో ఈ ఒప్పందం 2022 డిసెంబరు 7 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు విదేశాంగ శాఖ ముద్ర తర్వాత ఆ పత్రాన్ని ఇటలీ రాయబార కార్యాలయంలోనూ ధ్రువీకరించుకోవాల్సి వచ్చేది. ఆ రెండో మెట్టు ఇప్పుడు లేదు. ఎవరైనా ఏజెంటు దానికోసం డబ్బు అడిగితే ఎందుకని గట్టిగా అడగండి.

అపోస్టిల్‌కి పంపకముందే ఆ అరబీ పత్రంలోని పేర్లు అక్షరం అక్షరం చదివించుకోండి. అరబీలో ప అక్షరం లేదు, దాని చోట బ రాస్తారు. పద్మ అక్కడ బద్మ అవుతుంది, ప్రవీణ్ ‘బ’తో మొదలవుతాడు. వ కూడా ఫగానో మరోలానో మారొచ్చు. పాస్‌పోర్టు చూడని అనువాదకుడు అరబీలో ఉన్నది ఉన్నట్టు ఇటాలియన్‌లోకి దింపితే, కాన్సులేట్ బల్ల మీద పాప తల్లి వేరే మనిషి అయిపోతుంది. అందుకే తల్లిదండ్రుల పాస్‌పోర్టు కాపీలు అనువాదకుడి చేతికివ్వాలి, పేర్లు వాటిలోని స్పెల్లింగ్ ప్రకారమే రాయించాలి. హిజ్రీ తేదీ ఉంటే దాని పక్కనున్న ఇంగ్లీషు తేదీని పాప పాస్‌పోర్టుతో పోల్చి చూడాలి. అయితే తప్పు అసలు పత్రంలోనే ఉంటే, ఉదాహరణకు తండ్రి ఇంటిపేరే రాయకపోతే, అనువాదంలో సర్దకూడదు. అహ్వాల్‌లో సరిచేయించి కొత్త పత్రం తీసుకోవాలి. అపోస్టిల్ వేశాక దిద్దితే ఆ అపోస్టిల్ వృథా.

పెళ్లి పత్రానిది ఇండియా దారి. కుటుంబాన్ని ఇటలీకి పిలిపించుకున్నప్పుడే ఆ పెళ్లి కొమూనేలో నమోదై ఉంటే కొత్తగా ఏమీ చేయక్కర్లేదు. కాకపోతే కరీంనగర్ సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, ఆ తర్వాత భారత విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కర్ వేస్తుంది. ప్రభుత్వ రుసుము పత్రానికి 50 రూపాయలు, ఆపైన సేవా సంస్థ తీసుకునేది వేరు. ఈ పని రియాద్‌లోని మన ఎంబసీలో జరగదు, ఊళ్లో ఉన్న బంధువుల చేత చేయించాల్సిందే.

అనువాదం ఎప్పుడూ అపోస్టిల్ తర్వాతే, ఎందుకంటే అపోస్టిల్ మీదున్న రాత కూడా ఇటాలియన్‌లోకి వెళ్లాలి. ముందే అనువదిస్తే మళ్లీ చేయించాల్సి వస్తుంది. ఇటలీ చట్టం ప్రకారం ఆ అనువాదం అసలుతో సరిపోయిందని ఇటలీ కాన్సులేట్ గానీ, అధికారిక అనువాదకుడు గానీ ధ్రువీకరించాలి. అభా బజారులో అనువాద కార్యాలయం తన రబ్బరు ముద్ర వేసి ‘సర్టిఫైడ్’ అని ఇచ్చేది ఒక్కటే చాలదు, కాన్సులేట్ దాన్ని పరిశీలించి ఆమోదించాలి. మరో దారి ఇటలీలో ఉన్న అనువాదకుడి చేత అక్కడి కోర్టు కార్యాలయంలో ప్రమాణం చేయించడం. దానికి నాలుగు పేజీలకొక 16 యూరోల స్టాంపు అతికించాలి. దగ్గర్లో అరబీ నుంచి నేరుగా ఇటాలియన్ రాయగలవాళ్లు దొరకకపోతే నేనైతే ఈ దారే పడతాను. అరబీ నుంచి ఇంగ్లీషు, ఇంగ్లీషు నుంచి ఇటాలియన్ అంటే పేర్లు పాడవడానికి ఇంకో అవకాశం ఇచ్చినట్టే.

సౌదీలో ఇటలీకి రియాద్‌లో రాయబార కార్యాలయం, జెద్దాలో కాన్సులేట్ జనరల్ ఉన్నాయి. ప్రవీణ్ విదేశాల్లో ఉండే ఇటాలియన్ల జాబితా ఆయిరెలో ఏ కార్యాలయం కింద నమోదై ఉంటే ఫైలు అక్కడికే ఇవ్వాలి. వాళ్లు జనన పత్రాన్ని ఇటలీలోని కొమూనేకి పంపుతారు, అక్కడి రిజిస్టర్‌లో పాప జననం ఎక్కుతుంది. పంపిన అసలు పత్రం ఆ రిజిస్టర్ జతలోనే ఉండిపోతుంది, వెనక్కి రాదు. అహ్వాల్‌లో పత్రం తీసుకునేటప్పుడే రెండో ప్రతి కూడా అడిగి పెట్టుకోండి.