బల్లను తగలకుండా రోబో చేయి

రోబో చేతికి బల్ల కనబడదు. బల్ల ఎక్కడుందో మనమే చెప్పాలి, లేదా కెమెరాతో చెప్పించాలి. అందుకు మూవిట్‌ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘ప్లానింగ్ సీన్’ ఉంటుంది. అందులో బల్లను ఒక పెట్టెగా, ఫిక్స్చర్లను మరికొన్ని పెట్టెలుగా చేరుస్తారు. తర్వాత ప్లానర్ కీళ్ల కోణాలను రకరకాలుగా మార్చి చూస్తూ, దేనికీ తగలని దారిని వెతుకుతుంది.

తికమక సాధారణంగా పెట్టె స్థానం దగ్గరే మొదలవుతుంది. మూవిట్ అడిగేది పెట్టె మధ్యబిందువు ఎత్తు, పైభాగం ఎత్తు కాదు. 5 సెంటీమీటర్ల మందమున్న బల్ల పైభాగం రోబో పీఠం మట్టంలోనే ఉందనుకుందాం. అప్పుడు ఇలా రాయాలి:

```
table_pose.position.z = -0.025;
```

ఇక్కడ సున్నా రాస్తే సీన్‌లోని బల్ల అసలుదానికంటే 2.5 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. 4 సెంటీమీటర్ల దిమ్మెను నడుము దగ్గర పట్టుకోవాల్సిన వేళ్లు ఆ బల్లలో మునిగినట్టే లెక్క. దారి దొరకదు. ఆర్‌విజ్ తెరమీద గమ్యస్థితిలో వేళ్లు ఎర్రగా కనిపిస్తే కారణం ఇదేనని పసిగట్టవచ్చు.

దిమ్మెను పట్టుకున్నాక ఇంకో చిక్కు వస్తుంది. దాన్ని చేతికి ‘అటాచ్’ చేయగానే అది రోబోలో భాగమైపోతుంది, కానీ ఇంకా బల్లను ఆనుకునే ఉంటుంది. దాంతో బయలుదేరే స్థితే ఢీకొన్నట్టు తేలి ప్లాన్ ఆగిపోవచ్చు. పైకెత్తే ఆ కొద్దిపాటి కదలికకు మాత్రం దిమ్మె, బల్ల జంటకు తాకిడి మినహాయింపు ఇచ్చి, ఎత్తాక తీసేయడం మేలు. మినహాయింపును అలాగే వదిలేస్తే, తర్వాతి ప్లాన్‌లో దిమ్మె బల్లను గుద్దుకున్నా మూవిట్ అడ్డుచెప్పదు.