ఘాటు వాసన వచ్చే పూల్ శుభ్రంగా ఉన్నట్టా?

రిసార్ట్ స్విమ్మింగ్ పూల్ దగ్గర ఆదివారం సాయంత్రం తరచూ వినబడే మాట ఒకటుంది: "నీళ్లలో మందు ఎక్కువ కలిపినట్టున్నారు బాబూ, పిల్లల కళ్లు మండుతున్నాయి. కాస్త తగ్గించండి." అడిగినవాళ్ల బాధ నిజమే, కారణమే తలకిందులు. ఆ ఘాటు వాసనకూ కళ్ల మంటకూ చాలాసార్లు కారణం క్లోరిన్ ఎక్కువవడం కాదు, సరిపోకపోవడం. గెస్టు మాట విని అటెండెంట్ మందు తగ్గించాడంటే నీళ్లు ఇంకా పాడవుతాయి.

నీళ్లలో కలిపిన క్లోరిన్ సూక్ష్మజీవులను చంపడానికి సిద్ధంగా ఉన్నంతకాలం దాన్ని 'ఫ్రీ క్లోరిన్' అంటారు. ఈతకొచ్చినవాళ్ల చెమట, మూత్రం, ఒంటికి రాసుకున్న క్రీములు దానితో కలిస్తే క్లోరమైన్లు అనే పదార్థాలు తయారవుతాయి. క్రిములను చంపే శక్తి వీటికి చాలా తక్కువ. ముక్కుకు తగిలే ఘాటు, కళ్ల మంట, పొడి దగ్గు మాత్రం వీటివే. ఇలా చిక్కుకుపోయిన భాగాన్ని 'కంబైన్డ్ క్లోరిన్' అంటారు. నిండా మంది దిగిన రోజున, స్నానం చేయకుండా నేరుగా దూకేవాళ్లు ఎంత ఎక్కువైతే అది అంత పెరుగుతుంది. పూల్ పక్కన షవర్ పెట్టేది అందుకే. ఒక్క నిమిషం ఒళ్లు కడుక్కుని దిగినా ఈ భారం చాలావరకు తగ్గుతుంది.

ఈ రెండింటి తేడా తెలిసేది టెస్ట్ కిట్‌లోనే. పూల్ నీటిని పైపైన కాకుండా మోచేతి లోతున, నీళ్లు లోపలికొచ్చే పైపు నోటికి దూరంగా పట్టాలి. అందులో డీపీడీ ఒకటో నంబరు మాత్ర వేస్తే వచ్చే గులాబీ రంగు ఫ్రీ క్లోరిన్ ఎంతుందో చెబుతుంది. అదే గొట్టంలో మూడో నంబరు మాత్ర వేస్తే మొత్తం క్లోరిన్ తెలుస్తుంది. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే కంబైన్డ్ క్లోరిన్.

హైదరాబాద్ శివారులో ఒక రిసార్ట్ ఉందనుకుందాం. పూల్ పొడవు 15 మీటర్లు, వెడల్పు 8, సగటు లోతు మీటరుంపావు. అంటే లక్షన్నర లీటర్ల నీళ్లు. ఆదివారం రాత్రి పరీక్షలో ఫ్రీ క్లోరిన్ లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, మొత్తం 1.8, పిహెచ్ 8.0 వచ్చాయి. పూల్‌లో ఫ్రీ క్లోరిన్ కనీసం 1 ఉండాలి, కంబైన్డ్ 0.4 దాటకూడదు. ఇక్కడ కంబైన్డ్ 1.2 ఉంది. పైగా ఉన్న కాస్త క్లోరిన్ కూడా సరిగా పనిచేయడం లేదు. పిహెచ్ 7.2 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో సుమారు మూడింట రెండు వంతులు చురుకైన రూపంలో ఉంటుంది. 8.0 దగ్గర నాలుగో వంతు కూడా ఉండదు.

కాబట్టి మొదట దించాల్సింది పిహెచ్. పూల్ యాసిడ్‌ను డబ్బా మీద రాసిన మోతాదులో కొంచెం కొంచెంగా పోసి, పంపు తిప్పి, మళ్లీ పరీక్షించాలి. తర్వాత క్లోరమైన్లను విరగ్గొట్టాలి. దీనికి రంగంలో వాడుకలో ఉన్న లెక్క కంబైన్డ్‌కు పది రెట్లు, అంటే లీటరుకు 12 మిల్లీగ్రాములు. లక్షన్నర లీటర్లకు 1.8 కిలోల క్లోరిన్ కావాలి. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే సుమారు 2 కిలోల 800 గ్రాములు తూచాలి. సగం మోతాదు వేసి ఊరుకుంటే క్లోరమైన్లు విరగవు, వాసన అలాగే ఉంటుంది. పొడిని బకెట్ నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. దీన్నీ యాసిడ్‌నూ ఒకే బకెట్‌లో, ఒకే గరిటెతో ముట్టుకున్నా ప్రమాదమే, విషవాయువు పుడుతుంది. రాత్రంతా పూల్ మూసి ఉంచి, పొద్దున్న మళ్లీ పరీక్షించి, అంకెలు హద్దుల్లోకి వచ్చాకే తెరవాలి.

ఆ పొద్దుటి పరీక్షలోనే కొత్తవాళ్లు బోల్తాపడే చోటుంది. క్లోరిన్ మరీ ఎక్కువుంటే డీపీడీ రంగునే అది కొట్టేస్తుంది. మాత్ర వేయగానే క్షణంపాటు గులాబీ మెరుపు కనిపించి, నీళ్లు తెల్లగా మిగులుతాయి. దాన్ని సున్నా అనుకుని ఇంకో డోసు వేసేవాళ్లున్నారు. అనుమానం వస్తే ఒక వంతు పూల్ నీటికి నాలుగు వంతుల సీసా మంచినీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను ఐదుతో గుణించాలి.

జకూజీ దగ్గర ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది. చిన్న తొట్టెలో నలుగురు కూర్చుంటే తలకు దక్కేది కొన్ని వందల లీటర్లే. వేడి, బుడగలు క్లోరిన్‌ను త్వరగా ఎగరగొడతాయి. అందుకే అక్కడ ఫ్రీ క్లోరిన్ కనీసం 3 ఉండాలి, వేడి 40 డిగ్రీలు దాటకూడదు. జనం దిగుతున్నంతసేపు గంటగంటకూ పరీక్షించడమే మంచిది. పైపుల లోపల చేతికి జిగటగా తగిలే పొర పేరుకుంటే సూక్ష్మజీవులు అందులో దాక్కుంటాయి. పైనుంచి పోసిన క్లోరిన్ వాటిని అందుకోలేదు. తొట్టెను తరచూ ఖాళీచేసి తోమాల్సింది అందుకే.

1999లో నెదర్లాండ్స్‌లోని బొవెన్‌కార్స్‌పెల్ పూల ప్రదర్శనలో చూపుకోసం పెట్టిన ఒక జకూజీలోకి ఎవరూ దిగలేదు. దాని బుడగల నుంచి లేచిన తుంపరను పీల్చినవాళ్లకు లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల న్యుమోనియా వచ్చింది. 30 మందికి పైగా చనిపోయారు. ఎవరూ దిగకపోయినా తిరుగుతున్న జకూజీకి పరీక్ష తప్పదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అటెండెంట్ సంగతి. పొద్దున్న పూల్ తెరిచేముందు అతను లోతువైపు గట్టున నిలబడి అడుగున ఉన్న డ్రెయిన్ జాలీని చూడాలి. అది స్పష్టంగా కనబడకపోతే, పరీక్ష అంకెలు ఎంత బాగున్నా, తెరవకూడదు. మునిగిపోయిన మనిషి కూడా కనబడడు గనక. జాలీ విరిగినా, కదిలినా పంపు ఆపేయాలి. ఆ లాగుడుకు జుట్టు చిక్కుకుంటే బలమైన ఈతగాడు కూడా పైకి రాలేడు.

మునిగేవాడు సినిమాలోలా కేకలు వేయడు. నోరు నీటి అంచున ఆడుతూ, చేతులు పక్కకు తన్నుకుంటూ, చప్పుడు లేకుండా కిందికి జారతాడు. అది పట్టుకోవాలంటే కన్ను నీళ్లమీదే ఉండాలి. చాలా రిసార్ట్‌లలో ఒకే కుర్రాడు కాపలా కాస్తూనే తువ్వాళ్లు ఇస్తాడు, నీళ్లు పరీక్షిస్తాడు, గెస్టులకు జ్యూస్ ఆర్డర్ కూడా చెబుతాడు. పరీక్ష గొట్టం కంటి ఎదుట పెట్టుకున్న నిమిషం అతని వీపు పూల్ వైపే ఉంటుంది. ఆ రెండు పనులూ ఒక్కరికి అప్పగించడం తప్పని నా అభిప్రాయం. మనిషి ఒక్కడే ఉంటే, పరీక్ష చేసేంతసేపు ఈలవేసి అందరినీ గట్టెక్కించాలి.

చివరిది, ఎవరూ పైకి మాట్లాడుకోనిది. చిన్నపిల్లలు నీళ్లలోనే విరేచనం చేసుకోవడం జరుగుతుంది. వెంటనే అందరినీ బయటికి పంపాలి. గట్టిదైతే వలతో తీసేసి, ఫ్రీ క్లోరిన్ 2కు తెచ్చి, పిహెచ్ 7.5 దాటకుండా చూసి, 25 నిమిషాలు ఆగితే సాధారణ క్రిములకు సరిపోతుంది. పల్చటిదైతే కథ వేరు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు మోతాదు క్లోరిన్‌లో వారానికి పైగా బతుకుతుంది. దాన్ని చంపడానికి లీటరుకు 20 మిల్లీగ్రాముల క్లోరిన్ దాదాపు 13 గంటలు నిలపాలి. అంటే ఆ రోజుకు పూల్ లేనట్టే. గెస్టులు డబ్బులు వెనక్కి అడుగుతారు, మేనేజర్ "ఒక గంటలో తెరిచెయ్యి" అంటాడు. కాబట్టి మూసే అధికారం, తాళంచెవితో సహా, అటెండెంట్‌కు ముందే రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి.