కంప్యూటర్‌కి కనిపించే ప్యాడ్ ఆటకి ఎందుకు కనిపించదు?

కొత్త గేమ్‌ప్యాడ్‌ని యూఎస్‌బీకి తగిలించగానే కంప్యూటర్ టింగుమంటుంది, ప్యాడ్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆట తెరిచాక మాత్రం ఏ బటన్ నొక్కినా బొమ్మ కదలదు. బ్రాండ్ పేరు లేని చవక ప్యాడ్‌లు కొన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన చిక్కే. సరుకు పాడైందని దుకాణానికి తిరిగి పట్టుకెళ్ళే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ప్యాడ్‌ని గుర్తించనిది కంప్యూటరా, ఆటా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరు.

విండోస్‌లో ఇది తేల్చడం తేలిక. విండోస్ మీట, R కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇది టైప్ చేయాలి:

```
joy.cpl
```

తెరుచుకున్న జాబితాలో Generic USB Joystick లాంటి పేరేదైనా ఉంటే దాన్ని ఎంచుకుని Properties నొక్కాలి. ప్యాడ్ మీద బటన్లు నొక్కుతుంటే తెర మీద అంకెలు వెలగాలి, పుల్ల తిప్పితే గుర్తు కదలాలి. జాబితాలో అసలు పేరే లేకపోతే ఆటను తిట్టుకోనక్కర్లేదు. పోర్టు మార్చి చూడండి, మధ్యలో హబ్ ఉంటే తీసేయండి. కేబుల్ ఊడదీసే రకమైతే అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేదేమో చూసుకోండి, అలాంటి వైర్లు ఇళ్ళలో బోలెడు. పేరు ఉండి, ఇక్కడ బటన్లు వెలుగుతూ, ఆటలో మాత్రం ఉలుకూ పలుకూ లేకపోతే ప్యాడ్ బాగానే ఉన్నట్టు. తేడా భాషలో ఉంది.

ప్యాడ్‌తో మాట్లాడడానికి విండోస్‌లో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. తొంభైల నాటి డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో ప్యాడ్ "మూడో బటన్ నొక్కారు, రెండో అక్షం ఇంత కదిలింది" అని మాత్రమే చెబుతుంది. ఆ మూడోది దూకడానికా, కాల్చడానికా అన్నది ఆటే అడిగి తెలుసుకోవాలి. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు వచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్‌లో ఆ గోల లేదు. రెండు పుల్లలు, రెండు ట్రిగ్గర్లు, A, B, X, Y బటన్లు, అన్నీ ముందే ఖరారు. ఆట తయారుచేసేవాళ్ళకి హాయి కాబట్టి చాలా కొత్త ఆటలు ఈ రెండో పద్ధతినే వింటాయి. మన చవక ప్యాడ్ మొదటి పద్ధతిలోనే మాట్లాడుతుంది.

కొన్ని ప్యాడ్‌లకి రెండూ వస్తాయి. వెనక D, X అని రాసిన చిన్న స్విచ్ ఉండొచ్చు, లేదా మధ్య బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లైటు మారొచ్చు. పెట్టెలో వచ్చిన కాగితం పారేయకపోతే అందులో రాసి ఉంటుంది. ఇది కుదిరితే మిగతా శ్రమంతా అక్కర్లేదు.

కుదరనప్పుడు మధ్యలో ఒక పొర వేయాలి. పెళ్ళి మాటలకి మధ్యవర్తి కూర్చున్నట్టు, ప్యాడ్ చెప్పింది విని, ఆటకి అర్థమయ్యేలా ఎక్స్‌బాక్స్ ప్యాడ్ మాటల్లో వినిపిస్తుంది ఈ సాఫ్ట్‌వేర్. ఇలాంటివి చాలా ఉన్నా, ఇప్పటికే స్టీమ్ వాడేవాళ్ళకి అందులో ఉన్న స్టీమ్ ఇన్‌పుట్ చాలు. సెట్టింగ్స్‌లో కంట్రోలర్ విభాగానికి వెళ్ళి, జెనెరిక్ కంట్రోలర్లకి స్టీమ్ ఇన్‌పుట్ వాడే మీట ఆన్ చేయాలి. తరవాత పరికరాన్ని అమర్చే తెరలో ప్యాడ్ బొమ్మ వస్తుంది. బొమ్మలో ఏ బటన్ చూపిస్తే మీ చేతిలో ఆ చోటున్న బటన్ నొక్కుతూ పోవాలి. స్టీమ్‌లో కొనని ఆటనైనా Add a Non-Steam Game ద్వారా చేర్చి, అక్కడి నుంచే మొదలుపెడితే ఈ పొర పనిచేస్తుంది.

నొక్కుతూ పోతుంటే లోపల తయారయ్యేది ఒక చిన్న చిట్టా. ప్లేస్టేషన్ 2 నమూనాలో వచ్చే చాలా చవక ప్యాడ్‌లకి అందులో ఒక ముక్క ఇలా ఉంటుంది:

```
a:b2,b:b1,x:b3,y:b0
```

ఆట అడిగే A బటన్, ఈ ప్యాడ్‌లో b2 అని దీని అర్థం. ఇక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. joy.cpl లో ఒకటి నుంచి. అందుకే అక్కడ 3గా వెలిగింది ఇక్కడ b2 అవుతుంది. చిట్టాను చేత్తో దిద్దేవాళ్ళు తడబడేది ఇక్కడే.

ఈ పొర చేయలేని పని ఒకటుంది. చవక ప్యాడ్‌లలో చాలావాటికి ట్రిగ్గర్లు నిజానికి మామూలు బటన్లే. నొక్కామా లేదా అన్నదే చెబుతాయి, ఎంత నొక్కామో చెప్పవు. కారు పందెంలో యాక్సిలరేటర్ పూర్తిగా పడుతుంది, లేదా అసలు పడదు. చిట్టా ఎంత దిద్దినా లేని కొలత పుట్టుకురాదు. నేనైతే యాక్సిలరేటర్‌నీ బ్రేకునీ కుడి పుల్ల పైకీ కిందికీ అప్పగిస్తాను. అలవాటయ్యాక బాగానే ఉంటుంది.

పొర వేశాక కొత్త చిక్కు రావచ్చు. మెనూలో ఒకసారి కిందికి నొక్కితే రెండు మెట్లు దిగుతుంది, లేదా ఆట ఇద్దరు ఆటగాళ్ళు ఉన్నారనుకుంటుంది. అసలు ప్యాడూ, పొర సృష్టించిన ఉత్తుత్తి ప్యాడూ రెండూ ఆటకి కనిపిస్తున్నాయన్న మాట. రెండు పొరలు ఒకేసారి నడుస్తున్నాయేమో ముందు చూసి ఒకటి ఆపాలి. అప్పటికీ పోకపోతే హిడ్‌హైడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అసలు ప్యాడ్‌ని ఆట కంటపడకుండా దాచిపెడుతుంది.

ఇప్పుడు బొమ్మ కదులుతోంది. కానీ పుల్ల వదిలేసినా అదే నడుచుకుంటూ పోతోంది. డెడ్‌జోన్ అవసరం ఇక్కడ వస్తుంది. పుల్ల అడుగున ఉండే పొటెన్షియోమీటర్, అంటే పాత రేడియో వాల్యూమ్ మీటలో ఉండే లాంటి భాగం, పుల్ల ఎటు ఎంత వంగిందో కొలుస్తుంది. వదిలేసినప్పుడు స్ప్రింగు దాన్ని ప్రతిసారీ సరిగ్గా సున్నాకి తేలేదు. మధ్య చుట్టూ ఒక వలయం గీసి, అందులో జరిగే కదలికను లెక్కచేయకపోవడమే డెడ్‌జోన్.

ఎంత పెట్టాలో ఊహించకండి, కొలవండి. పుల్లను ఒక పక్కకి పూర్తిగా తోసి మెల్లగా వదిలి, అంకెలు చూపే పరీక్ష తెరలో ఎక్కడ ఆగిందో చూడాలి. నాలుగు వైపులా అలాగే చేసి, అన్నిటిలో పెద్ద అంకె తీసుకోవాలి. ఎక్స్‌ఇన్‌పుట్ లెక్కలో చివరంచు దాదాపు 32,767. పెద్ద అంకె 2,100 అయితే అది సుమారు 6.4 శాతం. కొంచెం వెసులుబాటు ఇచ్చి 8 పెడితే సరిపోతుంది.

అయినా పుల్ల మొద్దుగా అనిపిస్తే ఆట వైపు చూడాలి. మైక్రోసాఫ్ట్ ఎడమ పుల్లకి సూచించిన డెడ్‌జోన్ 7,849, అంటే సుమారు 24 శాతం. దాన్నే లోపల పెట్టుకున్న ఆటలో మన 8 దాని మీద ఇంకో వరస అవుతుంది. పొర ఎనిమిదో శాతాన్ని కొత్త సున్నాగా లెక్కించి పంపుతుంది. దానిలో 24 దాటేసరికి మన వేలు 30 శాతం దాకా తోయాలి. పుల్ల దారిలో దాదాపు మూడో వంతు వృథా! తుపాకి గురి చూసే ఆటల్లో ఇది ప్రాణం తీస్తుంది. ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ ఉంటే వీలైనంత తగ్గించి, ఆ పని పొరకే వదిలేయాలి. ఆటలో ఆ సదుపాయం లేకపోతే పొరలో యాంటీ డెడ్‌జోన్ ఉంటుంది. మన 8 దాటగానే అది ఆట వలయం అంచుకి ఎగరవేస్తుంది. సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, చిన్న కదలికకి బొమ్మ స్పందించే చోట ఆపాలి. వదిలేసినా బొమ్మ కదులుతుంటే కొంచెం వెనక్కి తగ్గాలి.

వలయం ఆకారం కూడా అడిగితే గుండ్రంది ఎంచుకోండి. అడ్డం, నిలువు అక్షాలకి విడివిడిగా డెడ్‌జోన్ పెడితే, పుల్లను ఏటవాలుగా కొద్దిగా తోసినా బొమ్మ తిన్నగా గీత గీసినట్టే పోతుంది.

పుల్లను అంచు నుంచి అంచుకి చాలా మెల్లగా లాగుతూ అంకెలు చూడండి. అవి వరసగా పెరగాలి. దారి మధ్యలో ఉన్నట్టుండి గెంతినా, వెనక్కి పోయినా పొటెన్షియోమీటర్ అరిగిపోయినట్టే. డెడ్‌జోన్ కాపాడేది మధ్యను మాత్రమే, ఈ గెంతులకి దాని దగ్గర మందు లేదు. సోల్డరింగ్ తెలిసిన మెకానిక్ చేత ఆ భాగం మార్పించాలి. ప్యాడ్ ధరకన్నా కూలి ఎక్కువైతే, అయస్కాంతంతో కొలిచే హాల్ ఎఫెక్ట్ పుల్లలున్న ప్యాడ్ కొనడం మేలు. వాటిలో రాపిడికి అరిగే పట్టీ ఉండదు.