వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే తడవదా? ఫోన్, వాచ్, బ్యాగ్ మీద నంబర్ల అసలు అర్థం

ఈరోజు ఒక ఫోన్ కథతో మొదలుపెడతా. కుప్పంలో మా పిన్ని కొడుకు సంపులో నీళ్లు చూద్దామని వంగాడు, పై జేబులో ఉన్న ఫోన్ టపీమని లోపల పడింది. సంపు నిండుగా ఉంది, లోతు ఆరడుగులు. "ఐపీ68 ఫోన్ కదన్నా, ఏమీ కాదులే" అన్నాడు. పది నిమిషాల్లో పైకి తీశాడు, పనిచేసింది కూడా. రెండో రోజు కెమెరా అద్దం లోపల ఆవిరి పట్టింది. మూడో రోజు ఛార్జింగ్ ఎక్కలేదు.

మరి ఐపీ68 అబద్ధమా? కాదు. మనం చదివే పద్ధతే తప్పు.

ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. నీళ్ల అంకె 7 అంటే మీటరు లోతులో అరగంట. 8 అంటే అంతకన్నా కఠినమైన పరీక్షే, కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పాలి. వాడి ఫోన్ బాక్స్ మీద చిన్న అక్షరాల్లో 1.5 మీటర్లు, 30 నిమిషాలు అని ఉంది. ఆరడుగులంటే 1.8 మీటర్లు. అంటే హద్దు అక్కడే దాటేసింది.

ఇంకో సంగతి. ఆ పరీక్ష చేసేది కొత్త ఫోన్‌కి, కదలని మంచినీళ్లలో. వీడేమో పోయినేడు పుంగనూరులో డిస్‌ప్లే మార్పించాడు. ఫోన్ విప్పితే చుట్టూ ఉన్న గమ్ సీల్ తెగిపోతుంది. దాన్ని సరిగ్గా మళ్లీ వేయకపోతే బాక్స్ మీది నంబర్‌ని ఇక నమ్మలేం. సర్వీస్ సెంటర్‌లో సిమ్ ట్రే దగ్గరుండే చిన్న గుర్తు ఎర్రబడిందని చూపించి, నీళ్లు పోతే వారంటీ రాదన్నారు. చాలా కంపెనీల వారంటీ కాగితంలో ఈ మాట ఉంటుంది.

మునిగితే తట్టుకునే ఫోన్, బండి కడిగే ప్రెషర్ పైపుని తట్టుకుంటుందనీ లేదు. పైపు ధారకి 5, 6 అంకెలు, అది వేరే పరీక్ష. రెండూ పాసైతే రెండు నంబర్లూ రాస్తారు.

వాచ్ మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్లు దిగొచ్చని కాదు. అది ల్యాబ్‌లో కదలకుండా పెట్టి చూసిన ఒత్తిడి. చేతులు కడిగినప్పటి చినుకులకి సరిపోతుంది. ఈత కొట్టాలంటే కనీసం 50 మీటర్లది చూడండి.

బ్యాగ్‌కి మామూలుగా ఐపీ నంబరే ఉండదు. వాటర్ రెసిస్టెంట్ అన్నది ఎక్కువగా గుడ్డ గురించి చెప్పే మాట. మదనపల్లె నుంచి పుంగనూరుకి వానలో బండి మీద వస్తే నీళ్లు దూరేది జిప్‌లోంచి, కుట్లలోంచి. కొన్నాక లోపల టిష్యూ పేపర్ పెట్టి, పది నిమిషాలు షవర్ కింద ఉంచండి. ఎక్కడ తడిసిందో అదే చెబుతుంది. తడిస్తే రెయిన్ కవర్ తప్పదు.

ఫోన్ నీళ్లలో పడితే వెంటనే ఆఫ్ చేసి, తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ మాత్రం పెట్టొద్దు. మావాడు ఆ రాత్రే పెట్టేశాడు.