లేని ఐరన్, అందని ఐరన్

ఇద్దరు ఆడవాళ్ల రక్తపరీక్ష రిపోర్టులు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఇద్దరికీ హిమోగ్లోబిన్ 9.4. ఇద్దరికీ మెట్లెక్కితే ఆయాసం, పొద్దుగూకేసరికి నీరసం. ఇంట్లోవాళ్లయినా, చుట్టుపక్కలవాళ్లయినా ఇద్దరికీ ఒకటే మాట చెబుతారు: రక్తం తక్కువుంది, ఐరన్ మాత్రలు వాడమని. అయితే అదే రిపోర్టులో ఫెరిటిన్ అనే మరో అంకె ఉంది. మొదటావిడకు అది 7. చాలా ఏళ్లుగా కీళ్లవాతంతో బాధపడుతున్న రెండో ఆవిడకు 260. మొదటావిడ ఒంట్లో ఐరన్ లేదు. రెండో ఆవిడ ఒంట్లో ఉంది, కానీ రక్తం తయారయ్యే చోటికి చేరడం లేదు. మాత్రలు మొదటావిడను నిలబెడతాయి. రెండో ఆవిడ నెలల తరబడి మింగినా పెద్దగా ఫలితం ఉండదు.

ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు ఒక విచిత్రం గురించి చెప్పుకోవాలి. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఐరన్ ఎక్కువైతే బయటికి పంపే ఏర్పాటు మన ఒంట్లో లేదు. రాలిపోయే చర్మకణాలతో, పేగు కణాలతో రోజుకు 1 మిల్లీగ్రాము వరకు పోతుంది, అంతే. నెలసరి ఉన్న స్త్రీలలో ఈ నష్టం సగటున ఇంచుమించు రెట్టింపు. బయటికి పంపలేని శరీరం లోపలికి రానిచ్చేటప్పుడే జాగ్రత్తపడుతుంది. ఐరన్ మితిమీరితే కాలేయానికీ గుండెకూ ప్రమాదం.

పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఐరన్ మొత్తం 3 నుంచి 4 గ్రాములు. అందులో సగానికి పైగా ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. కొత్త కణాల తయారీకి ఎముక మజ్జకు రోజూ 20 నుంచి 25 మిల్లీగ్రాములు కావాలి. తిండి నుంచి ఒంటికి పట్టేది మాత్రం 1 లేదా 2 మిల్లీగ్రాములే. మరి మిగతాది ఎక్కడిది? పాత కణాల నుంచే. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలిదైన కణాన్ని ప్లీహంలోనూ కాలేయంలోనూ కాపు కాసే మాక్రోఫేజ్ కణాలు మింగేస్తాయి. హిమోగ్లోబిన్‌ను విడగొట్టి ఐరన్‌ను వేరుచేసి రక్తంలోకి వదులుతాయి. అక్కడ ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ దాన్ని అందుకుని మజ్జకు మోసుకెళుతుంది. అంటే ఈ రోజు తయారవుతున్న రక్తంలో ఉన్న ఐరన్‌లో చాలా భాగం నిన్నటి భోజనంలోది కాదు, నాలుగు నెలల క్రితం పుట్టిన కణాలది. గోంగూర తినగానే రక్తం పడుతుందన్న నమ్మకం ఎంత గట్టిదైనా లెక్క మాత్రం ఇలా ఉంది.

తిండిలోని ఐరన్ ముఖ్యంగా చిన్నపేగు మొదటి భాగంలో ఒంటికి పడుతుంది. మాంసంలోని ఐరన్ సులువుగా లోపలికి వెళుతుంది. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాల్లోనిది అంత తేలిగ్గా పోదు. భోజనం చేస్తూనే టీ తాగితే దాన్ని టీ పట్టేసి ఉంచుతుంది, నిమ్మరసం, ఉసిరి దాన్ని కరిగించి సాయం చేస్తాయి. పేగు గోడలోని కణంలోకి చేరిన ఐరన్ రక్తంలోకి దాటాలంటే ఆ కణానికి రెండో వైపున ఫెరోపోర్టిన్ అనే ద్వారం తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఐరన్ ఆ కణంలోనే ఫెరిటిన్ అనే బోలు గోళం లాంటి ప్రోటీన్‌లో చేరుతుంది. ఒక్కో గోళంలో 4,500 దాకా ఐరన్ పరమాణువులు పడతాయి. పేగు కణం బతికేది కొద్ది రోజులే. అది రాలిపోయినప్పుడు ఆ ఐరన్ కూడా మలంతో పోతుంది. తిన్నదంతా ఒంటికి పట్టకపోవడానికి ఇదొక కారణం.

ఫెరిటిన్ పేగులోనే కాదు, కాలేయంలోనూ మాక్రోఫేజ్‌లలోనూ ఉంటుంది. అసలు నిల్వంతా అక్కడే. అందులో కొద్ది భాగం రక్తంలోకి జారుతుంది. ల్యాబ్‌లో కొలిచేది దాన్నే. జబ్బు లేని మనిషిలో రక్తంలోని ఈ కొద్ది ఫెరిటిన్‌ను చూసి లోపలి నిల్వను అంచనా వేయవచ్చు. పెద్దవాళ్లలో అది మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల కన్నా తక్కువుంటే ఐరన్ లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మొదటావిడ 7 అంటే నిల్వ అడుగంటిందన్నమాట.

ఇక ఆ ద్వారాన్ని ఎవరు మూస్తారన్నది ప్రశ్న. దీనికి జవాబు 2000 తర్వాతే దొరికింది. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే చిన్న హార్మోనే ఆ పని చేస్తుంది. దానిలో ఉండేవి 25 అమైనో ఆమ్లాలే. అది ఫెరోపోర్టిన్‌కు అతుక్కుంటే ఆ ద్వారం కణంలోకి లాక్కుపోయి నాశనమవుతుంది. పేగు నుంచి రాక ఆగిపోతుంది, మాక్రోఫేజ్‌ల నుంచి తిరిగి వచ్చేదీ ఆగిపోతుంది. ఐరన్ నిండుగా ఉంటే హెప్సిడిన్ పెరుగుతుంది. కొరత వచ్చినా, మజ్జ రక్తం త్వరగా తయారుచేయాల్సి వచ్చినా తగ్గుతుంది.

చిక్కు ఏమిటంటే, వాపుకీ ఇన్ఫెక్షన్‌కీ కూడా హెప్సిడిన్ పెరుగుతుంది. క్రిములు పెరగడానికి ఐరన్ కావాలి, వాటికి అందకుండా దాచేయడం శరీరం ఎత్తుగడ. నాలుగు రోజుల జ్వరానికి అది మంచిదే. ఏళ్ల తరబడి సాగే కీళ్లవాతంలో మాత్రం ద్వారాలు మూసుకునే ఉంటాయి. రెండో ఆవిడ మాక్రోఫేజ్‌ల నిండా ఐరన్ ఉండి మజ్జకు అందకపోవడం అందుకే. పైగా వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ తనంతట తాను పెరుగుతుంది. కాబట్టి వాపు జబ్బులున్నవారిలో 70 కన్నా తక్కువున్నా లోపంగానే లెక్క వేయాలని అదే సంస్థ 2020 మార్గదర్శకాలు చెప్పాయి. వాపు ఉందో లేదో సీఆర్పీ పరీక్ష చెబుతుంది. రెండో ఆవిడకు ముందుగా కావలసింది కీళ్లవాతానికి సరైన వైద్యం. ఆ వాపును పుట్టించే ఐఎల్-6 అనే రసాయనాన్ని అడ్డుకునే మందు వాడిన రోగుల్లో హిమోగ్లోబిన్ కూడా పెరగడం వైద్యులు గమనించారు.

హెప్సిడిన్ ప్రభావం మొదటావిడ మాత్రల మీద కూడా పడుతుంది. పెద్ద మోతాదు మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో హెప్సిడిన్ పెరిగి దాదాపు ఒక రోజంతా అలాగే ఉంటుంది. మర్నాడు వేసుకున్న మాత్ర మూసిన ద్వారాన్నే తాకుతుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ పరిశోధకులు ఐరన్ నిల్వలు తగ్గిన మహిళలకు 60 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చి 2017లో ఫలితాలు ప్రకటించారు. రోజూ వేసుకున్నవారికి మాత్రలోని ఐరన్‌లో సుమారు 16 శాతం పట్టింది. రోజు మార్చి రోజు వేసుకున్నవారికి 22 శాతం పట్టింది. అయితే ఆ మహిళలు గర్భిణులు కారు. గర్భిణులకు ఇచ్చే రోజువారీ మాత్రలను ఈ లెక్క చూసి సొంతంగా తగ్గించుకోకూడదు.

తలసీమియాలో కథ తలకిందులవుతుంది. మజ్జ ఎంత శ్రమించినా సరైన కణాలు తయారుకావు. ఐరన్ చాలడం లేదన్న సంకేతమే కాలేయానికి అందుతూ ఉంటుంది, దాంతో హెప్సిడిన్ తగ్గి పేగు అవసరానికి మించి తీసుకుంటుంది. ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంతో మరో 200 మిల్లీగ్రాములు చేరుతుంది. దాన్ని ప్రత్యేక మందులతో బయటికి లాగాలి. అలాంటివారికి ఐరన్ మాత్రలు హాని.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 58 మందికి రక్తహీనత ఉంది. ఆ సర్వే కొలిచింది హిమోగ్లోబిన్‌నే. దాని వెనక ఉన్నది కొరతా, వాపా, తలసీమియా లక్షణమా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. మీ రిపోర్టులో హిమోగ్లోబిన్ తక్కువుంటే ఫెరిటిన్, సీఆర్పీ పరీక్షల గురించి డాక్టరును అడగండి. రెండు మూడు నెలలు మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే మళ్లీ అవే మాత్రలు కొనకుండా, కారణం ఏమిటో తేల్చుకోండి.